మొన్న మీరు పంపిన మూడు మెసేజ్‌లకు నా జవాబు

కార్తీక్ గారూ, మన పెళ్ళి సంబంధం విషయంలో నా హైట్, బరువు, రంగు గురించి మీరు రాసిన మెసేజ్‌లు మొన్న రాత్రే చూశాను. వెంటనే రాస్తే కోపంలో ఏదైనా అనేస్తానేమోనని రెండు రోజులు ఆగాను. కొంచెం పెద్ద మెసేజే, తీరిగ్గా చదవండి.

ముందు హైట్ సంగతి. ప్రొఫైల్‌లో 5 అడుగుల 1 అంగుళం అని పెట్టాను, ఉన్నది అంతే. ఇంటర్ తర్వాత అరంగుళం కూడా పెరగలేదు, ఇంక పెరగను. మీరు 5 అడుగుల 11 అంగుళాలు. ఫంక్షన్లకి హీల్స్ వేసుకుంటారా అని అడిగారు కదా, నేను రోజుకి ఆరు పీరియడ్లు నిలబడి లెక్కలు చెప్తాను, హీల్స్ వేసుకుంటే సాయంత్రానికి మడమలు లాగేస్తాయి, అందుకే మానేశాను. అయినా మూడంగుళాల హీల్స్ వేసినా మన మధ్య ఏడంగుళాల తేడా అలాగే ఉంటుంది. మా నాన్న ఆరడుగుల మనిషి, అమ్మ ఐదడుగులు కూడా ఉండదు. వాళ్ళ పెళ్ళి ఫోటో మా హాల్లో టీవీ పైన ఉంది, అందులో అమ్మ తల నాన్న భుజం దాకా కూడా రాదు, ఇద్దరూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. చిన్నప్పటి నుంచి ఆ ఫోటో చూస్తూ పెరిగాను కాబట్టి, మీ పక్కన నిలబడటానికి నాకు ఏ ఇబ్బందీ లేదు. మీకుంటే చెప్పండి.

బరువు గురించి. ఇప్పుడు 68 కేజీలు. 2022లో థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది, అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను, అది వేసుకున్నాక అరగంట దాకా కాఫీ కూడా తాగను. రిపోర్టులు ఇప్పుడు నార్మల్‌గానే ఉన్నాయి. బరువంతా థైరాయిడ్ వల్లే వచ్చిందని మాత్రం చెప్పను, నాన్నకి బైపాస్ అయిన ఏడాది స్కూలు, హాస్పిటల్, ఇల్లు తప్ప ఇంకేమీ లేదు, క్యాంటీన్లో ఏది దొరికితే అది తిన్నాను. ఇప్పుడు తార్నాకలో ఇంటి నుంచి బయల్దేరి ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తున్నాను, వారానికి ఐదు రోజులు. అది నా ఒంటి కోసం, డాక్టరుగారు చెప్పారని. నాలుగు నెలల్లో, ఎంగేజ్‌మెంట్‌లోపు 8 కేజీలు తగ్గాలని మీరు రాసిన లెక్క మాత్రం నేను ఒప్పుకోను. తగ్గితే తగ్గుతాను, లేకపోతే ఇలాగే ఉంటాను. పెళ్ళయ్యాక పిల్లలు పుట్టొచ్చు, ఒంట్లో బాగోకపోవచ్చు, అప్పుడు కూడా ఇలా లెక్క రాసి పంపుతారేమోనన్న ఆలోచన నన్ను రెండు రోజులుగా వదలడం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. సికింద్రాబాద్‌లో ఆ ఇరానీ హోటల్లో కూర్చున్నప్పుడు నేను రెండో ఉస్మానియా బిస్కెట్ తీసుకోబోతే మీరు ప్లేటు వైపు, తర్వాత నా వైపు చూశారు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ బిస్కెట్ అలాగే వదిలేసి వచ్చినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మీరు కావాలని చూశారో లేదో నాకు తెలీదు, కానీ ఈ మెసేజ్‌లు చదివాక మొదట గుర్తొచ్చింది అదే.

రంగు మాట కూడా ఎత్తారు, ఫోటోల్లో లైటింగ్ వల్ల తెల్లగా కనిపించారేమో అని. ఆ ఫోటోలు సంక్రాంతికి మా పిన్ని కూతురు డాబా మీద పొద్దున ఎండలో తీసింది, ఫిల్టర్ ఏమీ లేదు. నాది చామనఛాయ. దీని గురించి ఇంతకు మించి చెప్పాల్సింది ఏమీ లేదు.

మీకు ఇష్టాయిష్టాలు ఉండకూడదని నేను అనను. పొడుగ్గా, సన్నగా ఉండే అమ్మాయి కావాలనుకుంటే అది మీ ఇష్టం, అందులో తప్పేమీ లేదు, కానీ అది మొదటి రోజే చెప్పాల్సింది. నన్ను చూసి, రెండు గంటలు మాట్లాడి, మా నాన్న ఆపరేషన్ గురించి అంత ఓపిగ్గా అడిగి, ఇంటికెళ్ళాక ఇలా రాస్తే ఆ రెండు గంటల్లో ఏది నిజమో నాకు అర్థం కాలేదు. ఆ మాటలు నాకు నిజంగా నచ్చాయి కాబట్టే బ్లాక్ చేయకుండా ఇంత రాస్తున్నాను.

నన్ను ఉన్నదున్నట్టు చూసి ముందుకెళ్ళాలనిపిస్తే ఆదివారం లోపు ఫోన్ చేయండి, మెసేజ్ వద్దు. ఒంటి గురించి, ఆరోగ్యం గురించి ఏ ప్రశ్న ఉన్నా సూటిగా అడగండి, రిపోర్టులు కూడా చూపిస్తాను, మీవి కూడా అడుగుతాను. వద్దనుకుంటే "కుదరదు" అని ఒక్క మాట పెట్టండి చాలు, కారణాలు రాయక్కర్లేదు. అమ్మకి నేనే చెప్పుకుంటాను, మధ్యవర్తిగారి ద్వారా అమ్మాయి లావుగా ఉందన్న మాట మాత్రం మా ఇంటికి రానివ్వకండి, నాన్న గుండె ఆపరేషన్ అయిన మనిషి.

శిరీష