దస్త్రం

మంచం మీద పరిచిన కాయితాల్లో నాయనమ్మ ముందుగా చేతిలోకి తీసుకున్నది ఐ-20, నాకు సీటిచ్చిన అమెరికా యూనివర్సిటీ పంపిన కాయితం. ఆమెకి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కుని చదువుతుంది. అయినా దాన్ని ట్యూబులైటు వెలుతురుకి ఎత్తి, వెనక్కి తిప్పి, అంచు బొటనవేలితో తడిమి చూసింది.

"ముద్ర ఏదే?"

"ఇప్పుడు ముద్రలుండవు నాయనమ్మా. వాళ్ళు కంప్యూటర్‌లోనే సంతకం పెట్టి పంపుతారు. ప్రింటు తీసుకుని కింద నేను సంతకం పెట్టాలి."

"ముద్ర లేని కాయితానికి అన్ని లక్షలా!" అని దాన్ని పక్కన పెట్టింది. విసిరేయలేదు, రెండు చేతులతో పెట్టింది.

ఎల్లుండి హైదరాబాద్‌లో వేలిముద్రలు, ఫోటో. ఆ మర్నాడు పొద్దున నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ ఇంటర్వ్యూ. మా ఊరి నుంచి నరసరావుపేట వెళ్ళి రాత్రి బస్సెక్కాలి. అప్పటికి నెల రోజులుగా మా ఇంట్లో ఇదే పని. విదేశీ విద్యార్థుల రికార్డు కోసం కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు కట్టినప్పుడల్లా నాన్న క్యాలెండర్ వెనక రూపాయల్లో లెక్క రాసుకునేవాడు. ఫోటో రెండంగుళాల చదరం, వెనక తెల్లగా ఉండాలి, కళ్ళజోడు పెట్టుకోకూడదు. నరసరావుపేట స్టూడియో అతను మొదటిసారి నా మొహం తెల్లగా చేసిచ్చాడు, అడగకపోయినా. రెండోసారి వెళ్ళి "అన్నా, నన్ను నాలాగే ఉంచు" అని చెప్పి తీయించుకున్నాను.

అసలు గొడవ డబ్బు చూపించే దగ్గర వచ్చింది. మేం వెళ్ళిన కన్సల్టెన్సీలో ఒకతను, లోన్‌కి తోడు ఖాతాలో ఇంకో పదిహేను లక్షలు కనిపిస్తే మంచిదన్నాడు. "మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదండీ, వేసేవాళ్ళున్నారు. లెటర్ తీసుకున్నాక వెనక్కి తీసేసుకుంటారు. కొంచెం వడ్డీ, అంతే" అన్నాడు. నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్తుంటే నాయనమ్మ కంది పప్పు చెరుగుతోంది. చేట ఆగింది.

"ఆ డబ్బు ఎవరిదని అడిగితే బిడ్డేం చెప్పాలిరా?"

"మనదే అని చెప్పాలమ్మా."

"ఏం చేస్తే వచ్చిందంటే?"

నాన్న మాట్లాడలేదు. ఎరువుల కొట్టు మీద ఏడాదికి ఎంత మిగులుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

"ఒక కాయితంలో లేనిది రాస్తే, దానికి సరిపోను ఇంకో నాలుగు రాయించాలి. మళ్ళీ ఆ నాలుగిటికి..." అని చేట ఎత్తింది. నాన్న మర్నాడు బ్యాంకుకి వెళ్ళి, పేటలో ఉన్న ఇంటి మీద లోన్ ఇంకొంచెం పెంచమని అడిగాడు. నలభై లక్షలకి శాంక్షన్ లెటర్ వచ్చింది. దాంతోపాటు సీఏ రిపోర్టులో నాయనమ్మ మూడెకరాలూ చేర్చారు. ఆ పేజీలో ఎకరానికి కట్టిన ధర చదివి వినిపిస్తే, "అమ్మనిదానికి ధర ఎట్టా కట్టాడు?" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

ఆ మూడెకరాల వల్లే ఆమెకి కాయితాల చదువు అబ్బింది. మా తాతయ్య చనిపోయాక పొలం తన పేరు మీదకి మార్పించుకోవాల్సి వచ్చింది. కొత్త పాస్‌పుస్తకంలో సర్వే నంబరు 212-3 బదులు 212-8 అని రాశారు. చేతిరాత, మూడుకి ఎనిమిదికి ఎంత దూరమని! ఆ ఎనిమిది మళ్ళీ మూడు కావడానికి మూడేళ్ళు పట్టింది. మిరప కోతలు మానుకుని, మధ్యాహ్నానికి సద్ది మూట కట్టుకుని మండలాఫీసు వేపచెట్టు కింద కూర్చునేది. ఒకసారి ఒక గుమాస్తా "ఒరిజినల్ ఇచ్చిపో అమ్మా, చూసి ఇస్తా" అంటే అమ్మకం దస్తావేజు ఇచ్చేసింది. నెల తర్వాత వెళ్తే ఆ సీట్లో వేరే మనిషి. "మాకెవరూ ఇవ్వలేదే, రసీదుందా?" అన్నాడు. అది బీరువా వెనక నుంచి బయటపడేసరికి ఎనిమిది నెలలు.

నాకు ఇదంతా కథగా తెలుసు. ఆ రాత్రి మంచం మీద కాయితాలు సర్దుతుంటే మాత్రం కథలా అనిపించలేదు.

"ఇన్ని ఎందుకే?" అంది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బీటెక్ కన్సాలిడేటెడ్, ప్రొవిజనల్, జీఆర్‌ఈ స్కోరు, ఐఈఎల్‌టీఎస్ స్కోరు, నాన్న మూడేళ్ళ ఐటీ రిటర్నులు, లోన్ లెటర్, సీఏ రిపోర్టు, ఇంకా కాలేజీ వ్యాసరచన పోటీలో వచ్చిన సర్టిఫికెట్లు కూడా తెచ్చి పెట్టాను. ఎందుకైనా మంచిదని.

"ఉంటే తప్పేముంది?"

"అడగని కాయితం చూపిస్తే అందులో తప్పు వెతుకుతారు. నేను ఒకసారి సంచి మొత్తం బల్ల మీద బోర్లించా. వాడు నాకు అక్కర్లేని కరెంటు బిల్లు తీసి, దీంట్లో ఇంటిపేరు వేరేగా ఉందే అన్నాడు. ఇంకో ఆరు నెలలు." వ్యాసరచన సర్టిఫికెట్లు తీసి దిండు కింద పెట్టింది. "అడిగిందే ఇయ్యి. అడిగిందే చెప్పు."

మిగిలినవాటికి వరస కూడా తనే పెట్టింది. చేతికి ముందు తగలాల్సినవి పైన: పాస్‌పోర్టు, వీసా ఫారం డీఎస్-160 నింపినట్టు వచ్చిన కన్ఫర్మేషన్, అపాయింట్‌మెంట్ కాయితం, ఐ-20, సెవిస్ రసీదు. సెవిస్ రసీదు చూసి మాత్రం తృప్తిగా తలూపింది. "వీళ్ళు నయం, రసీదు ఇచ్చారు."

తర్వాత లేచి దేవుడి గూట్లోంచి పసుపు తెచ్చింది. తడివేలు పాస్‌పోర్టు వైపు వెళ్తుంటే నేను గబుక్కున లాక్కున్నాను.

"నాయనమ్మా! దాని మీద మరక పడితే పనికిరాదు!"

"పసుపు మరకా?" నొచ్చుకుంది. పెళ్ళి శుభలేఖ దగ్గర్నించి కొత్త పద్దుపుస్తకం దాకా నాలుగు మూలలా పసుపు లేకుండా ఆ ఇంట్లో ఏ కాయితమూ గడప దాటలేదు. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. చివరికి ప్లాస్టిక్ ఫైలు అట్టకి వెనక వైపు నాలుగు చుక్కలు పెట్టడానికి ఒప్పందం కుదిరింది. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు హైదరాబాద్‌లో నేనే చేయాలి, పని అయ్యాక నూట ఎనిమిది. "ఆ నూట ఎనిమిదీ మీ నాన్న చేస్తాడులే, నీకు తీరిక ఉండదు" అంది. నాన్న పక్క గదిలోంచి దగ్గాడు.

ఇంటర్వ్యూ ప్రాక్టీసు కూడా చేయించింది. గోడకి ఆనుకుని కూర్చుని, "ఎందుకు పోతున్నావమ్మా ఆ దేశం?" అని గంభీరంగా అడిగింది. నేను కన్సల్టెన్సీవాళ్ళు ఇచ్చిన పేరా తెలుగులో చెప్పాను.

"నువ్వు చెప్పినట్టు లేదే. ఎవరో రాసిస్తే చదివినట్టుంది."

మళ్ళీ చెప్పాను, ఈసారి నా మాటల్లో. నీళ్ళ పంపుల మీద నేను బీటెక్‌లో చేసిన ప్రాజెక్టు, అది ఆగిపోయిన చోటు, ఆ యూనివర్సిటీలో దాని మీద పనిచేస్తున్న ల్యాబ్. ఆమెకి సగం అర్థం కాలేదు. కానీ మధ్యలో ఆపలేదు.

"చదువయ్యాక తిరిగొస్తావా?"

"వస్తాను. నా వాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు" అన్నాను. అది అందరూ నేర్చుకునే సమాధానమే.

"ఇది బాగా చెప్పావు," అని, వత్తులు చేసుకోవడానికి దూది అందుకుంది.

పదిన్నరకి పడుకుందామని లైటు తీయబోతే ఆపింది. "నంబర్లు కలిపావా?"

"ఏ నంబర్లు?"

"ఏవైతేనేం. ఒక కాయితం మీద ఉన్న నంబరు ఇంకోదాని మీద కూడా ఉందనుకో, రెండూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూడాలి."

ఆవలిస్తూనే కూర్చున్నాను. పాస్‌పోర్టు నంబరు, ఐ-20 మీది సెవిస్ నంబరు, దాని రసీదు మీది నంబరు, అన్నీ కలిశాయి. డీఎస్-160 కన్ఫర్మేషన్, అపాయింట్‌మెంట్ కాయితం పక్కపక్కన పెట్టాను. రెండూ ఏఏ, సున్నా, సున్నాతోనే మొదలయ్యాయి. సరిపోయిందని మడవబోయాను.

"ఆగు." కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని వంగింది. ఒక్కో అక్షరం మీద గోరు పెట్టింది. "ఇది ఇల్లులా ఉంది. ఇక్కడా ఇల్లే. గుడ్డు. గుడ్డు. ఇక్కడ కొక్కెం ఉంది. దీంట్లో కొక్కెం ఏదే?"

చూశాను. నిద్ర ఎగిరిపోయింది.

మొదట నింపిన ఫారంలో అమ్మ పుట్టిన తేదీ తప్పు పడితే, ఇంకొకటి కొత్తగా నింపి పంపాను. అపాయింట్‌మెంట్ కొత్త నంబరు మీదే తీసుకున్నాను. కానీ ప్రింటు తీసింది పాత ఫైలు. డౌన్‌లోడ్స్‌లో రెండూ ఒకే పేరుతో ఉన్నాయి, ఒకదానికి చివర 1 అని ఉంది, అంతే తేడా. అక్కడ గేటు దగ్గర ఆ కాయితం చూసి ఏమనేవాళ్ళో తలచుకుంటే అరచేతులు చెమటలు పట్టాయి.

"ఇప్పుడేం చేయాలి?" అంది నాయనమ్మ. ఆమె గొంతులో టెన్షన్ లేదు.

"సరైనది ప్రింటు తీయాలి. పొద్దున్నే నెట్ సెంటర్‌కి వెళ్తా."

"మూడేళ్ళు పట్టదా?"

"పది రూపాయలు పడుతుంది."

చాలాసేపు నవ్వింది. పాత కాయితం అడ్డంగా చింపి, ముక్కలు పొయ్యిలో వేసి రమ్మంది. మళ్ళీ కలిసిపోకుండా.

*

కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి నాన్న రోడ్డవతల నా ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. లైన్లో నా ముందు అబ్బాయి ఫైలు నా దానికి రెండింతలు లావుంది. కిటికీ దగ్గర ఆఫీసరు పాస్‌పోర్టు, ఐ-20 తీసుకుంది. ఈ యూనివర్సిటీ ఎందుకంది, డబ్బు ఎవరు పెడుతున్నారంది. బీటెక్ ప్రాజెక్టు గురించి ఇంకో ప్రశ్న. కీబోర్డు చప్పుడు. మూడు నిమిషాలు కూడా అయి ఉండదు. లోన్ లెటర్ అడగలేదు. సీఏ రిపోర్టు అడగలేదు. మూడెకరాల ధర ఫైల్లోనే ఉండిపోయింది. ఐ-20 వెనక్కిచ్చి, పాస్‌పోర్టు ఉంచుకుని, వీసా అప్రూవ్ అయిందని చెప్పింది.

బయటికి రాగానే నాన్న నా మొహం చూసి ఏమీ అడగకుండా ఇంటికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు.

"ఏమేం కాయితాలు అడిగారు?" నాయనమ్మ మొదటి మాట అదే.

"పాస్‌పోర్టు, ఐ-20. అంతే నాయనమ్మా."

"మిగతావి?"

"తీయలేదు. అన్నీ ఫైల్లోనే ఉన్నాయి."

"అన్నీ లెక్కపెట్టుకున్నావా?"

"ఐ-20 ఇచ్చేశారు. పాస్‌పోర్టు వాళ్ళే ఉంచుకున్నారు." వీసా వచ్చినట్టే అని చెప్పబోయేంతలో అవతల నుంచి గొంతు లేచింది.

"ఉంచుకోవడమేంది? రసీదు ఇచ్చారా?"

"లేదు, కానీ..."

"రసీదు లేకుండా ఒరిజినల్ ఇచ్చేసి వచ్చావా? మీ నాన్న ఏడీ? వాడికియ్యి ఫోను!"