2024-25 జమాఖర్చులు: వార్షిక సమావేశంలో ట్రెజరర్ మాటలు

అందరికీ నమస్కారం. ఆదివారం టిఫిన్ వేళకే మాగుంట లేఅవుట్‌లోని మన సెల్లార్లో ఇంతమంది దిగి వచ్చారంటే, మెయింటెనెన్స్ తగ్గుతుందనే ఆశ ఉందని అర్థమైంది. ముందు లెక్క వినండి, తర్వాత నన్ను తిట్టండి.

40 ఫ్లాట్లు, నెలకు 2,000 చొప్పున ఏడాదికి రావాల్సింది 9,60,000. వచ్చింది 9,12,000. బాకీ 48,000. అందులో సగం ఒక్క ఫ్లాట్‌దే, ఏడాదంతా ఒక్క రూపాయి రాలేదు. మిగతా సగం రెండు ఫ్లాట్లది, ఆరేసి నెలలు. పేర్లు మైకులో చదవను. రిజిస్టరులో ఉన్నాయి.

వాచ్‌మన్, స్వీపర్ జీతాలు, కామన్ కరెంటు, లిఫ్ట్ ఏఎంసీ, జనరేటర్ డీజిల్, ఎండాకాలం ట్యాంకర్లు అన్నీ కలిపి 5,41,000. ఇందులో జీతాలే 2,64,000. ఈ పద్దులో పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు.

చెప్పాల్సింది రిపేర్ల గురించి. మొత్తం 2,93,000 అయింది. అక్టోబర్ వాయుగుండం వానలు మీకు గుర్తే. పై అంతస్తులో ఒకమ్మ హాల్లో మూడు బకెట్లు, ఒక ఇడ్లీ పాత్ర పెట్టుకుని రాత్రంతా మేలుకుంది. ఆ పాత్ర చూశాకే టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ ఇక వాయిదా వేయకూడదనుకున్నాం. మూడు కొటేషన్లు తీసుకుని, 1,85,000కి చేయించాం. ఇదే సెల్లార్లో అప్పుడు మోకాలి లోతు నీళ్లు. తోడే పంపు కొత్తది 27,500. నీళ్లలో మునిగిన బోరు స్టార్టరుకు, మోటారు రీవైండింగుకు 18,500. లిఫ్ట్ రోప్ మార్చడానికి 62,000. ఆ రోప్ తీగలు తెగి పైకి లేచిన ఫోటో నా ఫోన్లో ఉంది. రేటు ఎక్కువైందనేవాళ్లు ఒకసారి చూడండి.

మొత్తం ఖర్చు 8,34,000. మిగిలింది 78,000. గతేడాది నిల్వ 4,15,000, ఎఫ్‌డీ వడ్డీ 21,000 కలిపితే మార్చి 31కి చేతిలో 5,14,000. ఎఫ్‌డీలో 3,21,000, సేవింగ్స్‌లో 1,86,400, నగదు 6,600. పాస్‌బుక్కుతో సరిపోయింది. ఒక్క 1,400 ప్లంబర్ బిల్లుకు రసీదు లేదు. తప్పు నాదే. ఆ డబ్బు నేను కట్టేశాను, పైన చెప్పిన ఖర్చులో అది లేదు.

అయిదు లక్షలుంటే మెయింటెనెన్స్ తగ్గించొచ్చు కదా అని లిఫ్టులో ఇద్దరు ముగ్గురు అడిగారు. బయటి గోడలకు రంగు వేసి ఎనిమిదేళ్లయింది. వచ్చిన అంచనా 6,80,000. అంటే రంగు డబ్బాలు తెరవకముందే మనకు 1,66,000 తక్కువ. పాత బాకీ మొత్తం వసూలైనా 1,18,000 తక్కువే. కాబట్టి తగ్గించొద్దనే నా మాట. పెంచమని కూడా అడగడం లేదు, బాకీలు ముందు రానివ్వండి.

బిల్లుల ఫైలు, పాస్‌బుక్ టీ ఫ్లాస్కు పక్కనే ఉన్నాయి. చూసుకుని అడగండి. టీ ఒలకనివ్వకండి, ఆడిటర్‌కి ఇంకా చూపించాలి.