పాత పెండ్లి పత్రికలు కత్తిరిచ్చి రాసిన దసరా ట్యాగులు

మా ఇంట్ల దస్తూరి మంచిగున్న పాపానికి ప్రతి దసరాకు గిఫ్టుల మీద పేర్లు రాసే పని నాకే పడ్తది, ఈసారి అన్న ఫోన్ జేసి ఉత్త పేర్లు వద్దు, ప్రాసతోని రెండేసి లైన్లు రాయి, ఇంగ్లీషుల హ్యాపీ దసరా అని రాస్తె నేను ఇప్పనే ఇప్ప అన్నడు. సరే అని అటక మీద ఉన్న పాత పెండ్లి పత్రికలు దించి అగ్గిపెట్టెంత ముక్కలు కత్తిరిచ్చిన. తాత ట్యాగు ఎనక "విందు మధ్యాహ్నం 12 గంటలకు" అని అట్లనే ఉన్నది, ఉండనీ, ఆయనకు నచ్చేదే.

ముందు ఇంట్లోళ్లవి.

అమ్మకు, చీర మీద:
బీరువల దాస్తె మాత్రం ఊకోనమ్మా
రేటెంతని అడిగితె చెప్పనమ్మా

బాపుకు, నడిచే బూట్లు. పొద్దుగాల భద్రకాళి బండు మీదికి పోతడు గని వచ్చేటప్పుడు అంగి మీద బజ్జీ వాసన ఉంటది:
బండు మీద నడువు బాపూ, రోజుకు రెండు రౌండ్లు
బజ్జీల బండి కాడ ఆగితె పడ్తయి ఫైన్లు

అన్నకు, గడియారం:
గడియారం కొన్న అన్నా, చేతికి కట్టుకో
ఐదు నిమిషాలంటె గంట కాదు, మనసుల పెట్టుకో

వదినకు కొత్త గంజు. దీంట్ల నా స్వార్థం ఉన్నది, ఒప్పుకుంట:
గంజు నీది వదినా, సర్వపిండి నాది
ఇట్ల పంచుకుంటెనే చుట్టరికం గట్టిది

బావకు, అంగి:
అంగి బిగువైతె తప్పు దర్జీది కాదు బావా
కొలతిచ్చినంక నువ్వు మూడు దావతులు పోలేవా

చెల్లెకు ఇయర్‌ఫోన్లు. దానికి సంబంధాలు చూస్తున్నరు, అందుకే:
చెవులకు పెట్టుకో చెల్లె, పాటలు ఇనుడే
అవ్వ పెండ్లి ముచ్చట తీస్తె సౌండు పెంచుడే

తమ్మునికి పర్సు, ఉత్త పర్సు ఇయ్యొద్దంటరని లోపట చిల్లర పెట్టిన:
శకునానికి పదకొండు రూపాలు పెట్టిన తమ్మీ
నిండేదాక కూసోకు నా ఫోన్‌పేనే నమ్మి

తాతకు అద్దాలకు కట్టుకునే తాడు:
అద్దాలు నెత్తి మీదనే తాతా, ఇల్లంత ఎతుకకు
తాడు మెడకేసుకో, ఇగ నన్ను కేకెయ్యకు

అవ్వ ట్యాగు కాడ నవ్వులు రాలే నాకు, మూడు సార్లు రాసి చింపిన, చివరికి ఇట్లనే ఉంచిన:
శాలువ కప్పుకో అవ్వా, చలి నీ దగ్గరికి రాదు
నీ ఒడిల తలపెట్టే వయసు నాకింక పోలేదు

అన్న బిడ్డకు రంగుల డబ్బా:
రంగులు నీయే బిడ్డా, కాయిదం నిండ పూయి
గోడ జోలికి పోకు, సున్నమేసింది మొన్ననోయి

పోయినేడు ఈ గోడ ట్యాగసొంటిదే తారుమారై బావ ప్యాకెట్‌కు పోయింది. మనిషి అది చదివి అర్థం గాక గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు, అక్క ఇప్పటికీ యాది జేసి నవ్వుతది. అందుకే ఈసారి కవరెయ్యకముందే దారంతోని కట్టిన, బతుకమ్మ పూలు కట్టంగ మిగిలిన తెల్ల దారమే.

బతుకమ్మకు మా వాడ అక్కలకు చిన్న కార్డులు. ఎంగిలిపూల నాడు వెయ్యిస్తంభాల గుడి కాడ ఆడినోళ్లకు ఒకటి, సద్దుల నాడు ఇచ్చే డబ్బాల మీద ఒకటి:

తంగేడు నీ వైపు, గునుగు నా వైపు
బతుకమ్మ లేస్తె చాలు వాడంత మన వైపు

చప్పట్లు చేతుల్ల, నొప్పులు కాళ్లల్ల
మలీద ఎవలు దాసిన్రు ఈ డబ్బాలల్ల

జమ్మి చెట్టు కాడికెళ్లి వచ్చి అలాయ్ బలాయ్ తీసుకునేటప్పుడు పెద్దోళ్ల చేతుల ఆకుతోని పాటు పెట్టేవి రెండు. మొదటిది చదివి మా మేనమామ ఒక్కడే నవ్వలే, ఆయన బిడ్డ పెండ్లి ఫిబ్రవరిల ఉన్నది:

జమ్మాకు చేతుల పెట్టి బంగారమంటరు
తులం రేటు జూసినంక ఆకే దాసుకుంటరు

పాలపిట్ట కానరాలే, ఊరంత తిరిగినం
నువ్వెదురొచ్చినవు చాలు, ఇంటికి మర్లినం

ఇగ హైదరాబాద్ పోయేటి సామాన్లు. తమ్ముడు అక్కడ కిరాయికుంటడు, ఓనర్ అంకుల్‌కు లడ్డూల డబ్బా మీద రాసిమ్మని అడిగిండు:
లడ్డూలు ముందు అంకుల్, కిరాయి రెండు దినాలకు
నోరు తీపైనంక పెంచుడు మాటైతె తియ్యకు

అంకుల్‌ను "తియ్యకు" అంటవా అని బాపు గుస్సా అయిండు, "తియ్యకున్రి" అంటె ప్రాస పోతదని నేను, చివరికి తమ్ముడు ప్రాసకే ఓటేసిండు, కిరాయి పెరిగితె వాడే కట్టుకోవాలె.

పక్క ఫ్లాటోళ్లకు తొక్కు సీసా. చపాట మిరప రంగు జూసి తెల్వనోళ్లు జడుసుకుంటరు:
రంగు జూసి జడుసుకోకు, చపాట మిరప తొక్కు
ఎరుపెక్కువ, కారం తక్కువ, మా చిన్నమ్మ టెక్కు
(చిన్నమ్మకు చూపియ్యలే.)

అక్కోళ్ల కొత్తింటికి కొత్తవాడల కొన్న జంపఖానా, దాంతోని రెండు కార్డులు, ఒకటి అక్కకు, ఒకటి బావకు:
జంపఖానా పరిచినం, ముచ్చట మొదలుపెట్టు
సోఫాలెన్నున్నా సరే, నేల మీదనే పట్టు

పాలు పొంగిచ్చినవు, పటాలు కట్టినవు
ఈఎంఐ ముచ్చట మాత్రం నవ్వుకుంట దాసినవు

కాజీపేటల రైల్వే డ్యూటీ దిగిన పెద్దబాపుకు, శాలువతోని:
లేటు బండ్లన్నిటికి ముప్పై ఏండ్లు ఓపిక పట్టినవు
ఇగ టైముకు బువ్వ తినుడు పెద్దమ్మ చేతుల పెట్టినవు

ఇగ ఇవి నోట్‌బుక్ ఎనక పేజీలల్ల ఉన్నయి, దసరాకు సంబంధం లేదు, అవసరం పడ్డప్పుడు వాడుకున్నవే.

దోస్తు పుట్టినరోజు మర్సిపోయినందుకు:
నిన్న పుట్టినవు నువ్వు, నాకు యాదికొచ్చింది ఇయ్యాల
తిడితె తిట్టు గని కేకు ముక్క నాకియ్యాల

పెండ్లి కానుక మీద:
పత్రిక మీద పేర్లు రెండు పక్కపక్కన చక్కగ
టీవీ రిమోట్ ఒక్కటే, పంచుకోన్రి మెల్లగ

మేడారం నుంచి తెచ్చిన బెల్లం పొట్లం మీద:
మేడారం బెల్లమిది, బంగారమే అనాలె
చాయల ఎయ్యొద్దు, కండ్లకద్దుకొని తినాలె

చిన్న గిఫ్టు ఇయ్యాల్సొచ్చి సిగ్గైనప్పుడు:
రామప్ప గుడి ఇటుక నీళ్లల్ల తేలుతదట
నా గిఫ్టు గూడ తేలికే, ప్రేమ మాత్రం బరువట

రాత్రి పదకొండింటికి అన్ని కట్టి గోడకు ఒరిగిచ్చి లెక్కవెడ్తె ఒక ప్యాకెట్ ఎక్కువున్నది. వార్తాపేపర్ల చుట్టింది, సెల్లోటేపు మూరెడు. దారానికి నేను కత్తిరిచ్చి పారేసిన పత్రిక ముక్కనే, స్కెచ్‌పెన్నుతోని అన్న బిడ్డ అక్షరాలు, "ద్దు" రెండు సార్లు కొట్టేసి మల్ల రాసింది:

అత్తా నీకు పెన్ను, తప్పులుంటె దిద్దు
వచ్చేడు నాకైతె రంగుల డబ్బా వద్దు