లలితా, ఇది ఫోన్‌లో చెప్పలేకపోయాను

లలితా,

రాత్రి నువ్వు "తిన్నారా" అని అడిగావు. నేను "ఆఁ" అన్నాను. ఆ తర్వాత ఇద్దరికీ మాట రాలేదు. నువ్వు ఫోన్ పాపకి ఇచ్చేశావు. అప్పటి నుంచి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. నోటితో చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఎక్కడో నన్ను నేను వెనకేసుకొస్తాను. అలా కాకూడదనే రాతలో పెడుతున్నాను.

ఈ మధ్య నేను నిన్ను ప్రతిదానికీ తప్పు పడుతున్నాను. దసరా దాటాక మరీ ఎక్కువైంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆపుకోలేదు.

నాకు బాగా గుర్తున్నది మార్గశిరంలో రెండో గురువారం. మాణబసా పూజకని నాలుగింటికే లేచావు. నానబెట్టిన బియ్యం రుబ్బి, వేళ్లతో గుమ్మం నుంచి పూజ గది దాకా లక్ష్మీదేవి పాదాలు, వరి కంకులు వేశావు. చివర వీధి గుమ్మం దగ్గర మీ పార్వతీపురం ఇంట్లో వేసినట్టు చుక్కలు పెట్టి చిన్న ముగ్గు కలిపావు. ఎంత బాగుందో నేను చూశాను. కానీ పక్కింటి మావుసి చూడటానికి వచ్చినప్పుడు ఏమన్నాను? "ఝోటీలో చుక్కలేంటి, అంతా పాడుచేసింది" అన్నాను. ఆవిడ ముందే. నువ్వు ఒక్క మాట అనలేదు. తడిగుడ్డ తెచ్చి చుక్కలన్నీ తుడిచేశావు. తర్వాతి గురువారం ఒట్టి ఝోటీ వేశావు, చుక్క ఒక్కటి కూడా లేదు. ఆ రోజు నాకు లోపల ఏదో గుచ్చుకుంది. అప్పుడే క్షమించమని అడగాల్సింది. దుకాణానికి టైమైందని వెళ్లిపోయాను.

దాల్మాలో చింతపండు వేశావని కంచం పక్కకి నెట్టిన రోజు కూడా అంతే. నువ్వు మీ అమ్మ చేతి పప్పుచారు తిని పెరిగినదానివి, నీ చేతికి పులుపు రాకుండా ఎలా ఉంటుంది? నిజం చెప్పనా, అది బాగానే ఉంది. బజార్లో నువ్వు గుమ్మడికాయకి ఒడియాలో పేరు వెతుక్కుంటే అందరి ముందూ నవ్వి "కఖారు" అని అరిచినట్టు చెప్పాను. అప్పటి నుంచి నువ్వు బజారుకి నాతో రావడం మానేశావు. నేను గమనించలేదని అనుకోకు.

అన్నిటికంటే పెద్ద తప్పు మాత్రం పాప తెలుగు చదువు దగ్గర చేశాను. రోజూ సాయంత్రం పలక పెట్టుకుని కూర్చోబెడతావు. మొన్న నేను "బడిలో అక్కర్లేని అక్షరాలు ఎందుకు, ఒడియా, ఇంగ్లిషు సరిగ్గా వస్తే చాలు" అన్నాను. ఆ మాట అన్నది ఎవరు, లలితా? పెళ్లయ్యే నాటికి తెలుగు మాట్లాడటమే తప్ప ఒక్క బోర్డు చదవలేని మనిషి. మా ఇంట్లో మూడు తరాలుగా మాట్లాడేది తెలుగే, కానీ ఈ రాయగడలో బళ్లో చదివిందంతా ఒడియా. నాకు అ, ఆ నేర్పింది నువ్వు. ఏడాది పట్టింది. నేను 'బ'కి 'భ', 'స'కి 'శ' రాస్తే పక్కన మళ్లీ సరిగ్గా రాసి చూపించేదానివి. ఒక్కసారీ నవ్వలేదు. మా అమ్మ ముందు కూడా "ఈయనకి రాదు" అనలేదు. ఈ రోజు నీకు ఈ ఉత్తరం నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే నువ్వు అప్పుడు చూపించిన ఓర్పు వల్లే. అంత ఓర్పు చూపించిన మనిషికి నేను తిరిగి ఇచ్చిందేమిటి?

అమ్మ మొన్న ఒక మాట అంది. "నీ నోరు మీ నాన్న నోరు అయిపోతోంది రా" అని. నాన్న అమ్మని ఎలా మాట్లాడేవాడో నీకు ఎన్నోసార్లు చెప్పాను, అలా ఉండనని మాట కూడా ఇచ్చాను. ఆ రాత్రంతా అదే ఆలోచన.

దుకాణం సంగతి నీకు ఇన్నాళ్లూ దాచాను, అది కూడా చెప్పాలి. విత్తనాలు, యూరియా, డీఏపీ కలిపి ఈ సీజన్లో ఇచ్చిన అరువు 3 లక్షల 40 వేలు ఇంకా రాలేదు. పత్తి అమ్ముడుపోగానే ఇస్తామన్నారు. వానలకి తడిసిన పత్తికి రేటు పలకలేదు. వాళ్లని గట్టిగా అడగలేను, నాకు తెలిసిన మనుషులే. నాకు సరుకు ఇచ్చిన వాళ్లు మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నారు. ఆ టెన్షన్ ఇంటికి తెచ్చి నీ మీద వేశాను. ఇది సాకుగా చెప్పడం లేదు. బాకీదారులతో మర్యాదగా మాట్లాడగలిగినవాణ్ణి నీతోనూ మాట్లాడగలను కదా. మాట్లాడలేదు, అది నా తప్పే. నువ్వు రెండుసార్లు "దుకాణంలో ఏమైనా ఇబ్బందా" అని అడిగావు. చెప్పి ఉంటే సగం గొడవలు జరిగేవి కావు.

జరిగినవన్నీ మర్చిపొమ్మని అడగను. కొత్తగా మొదలుపెడదామని మాత్రం అడుగుతున్నాను. నేను చేయగలిగినవి చెప్తాను. నలుగురిలో నీ మాటని, వంటని, చేతిపనిని తప్పు పట్టను. నిజంగా చెప్పాల్సింది ఏదైనా ఉంటే మనిద్దరమే ఉన్నప్పుడు, అన్నాలు అయ్యాక చెప్తాను, అదీ ఒక్కసారే. దుకాణం లెక్కల పుస్తకం ఆదివారం ఇద్దరం కలిసి చూద్దాం. నీ లెక్క నా లెక్క కంటే ఎప్పుడూ మేలే. నా గొంతు మళ్లీ అలా మారితే "ఆగండి" అను చాలు. వాదించకుండా లేచి బయటికి వెళ్లి, మనసు కుదుటపడ్డాక వస్తాను. మొదట్లో తప్పుతానేమో, తప్పితే ఆ రోజే ఒప్పుకుంటాను.

నువ్వు నాకు చెప్పాల్సినవి కూడా ఉంటాయి. ఇన్నాళ్లు లోపల పెట్టుకున్నవి. అన్నీ చెప్పు, ఎంతసేపైనా వింటాను. ఇప్పుడే జవాబు రాయనక్కర్లేదు. రెండు రోజులు ఆలోచించుకో. మీ అమ్మగారికి కూడా చెప్పుకోవాలనుకుంటే చెప్పు, నేను చిన్నబుచ్చుకోను.

భోగి ముందు రోజు దుకాణం మూసి పార్వతీపురం వద్దామనుకుంటున్నాను. గంటన్నర ప్రయాణమే అయినా నువ్వు రమ్మంటేనే ఎక్కుతాను. మనం కలిసి వెళ్లినప్పుడల్లా కూనేరు దాటగానే నువ్వు కిటికీ వైపు జరిగి కూర్చుంటావు, నీ ముఖం మారిపోతుంది. ఆ ముఖం ఇక్కడ మన ఇంట్లో చూసి చాలా రోజులైంది. దానికి కారణం నేను. అది తలుచుకుంటే నాకు ఏడుపు వస్తోంది లలితా.

పాప పలక ఇక్కడే అలమారలో ఉండిపోయింది, 'ళ' దగ్గర ఆగింది. నువ్వు రమ్మంటే దాన్ని తీసుకొస్తాను. పండక్కి అక్కడ గుమ్మంలో నువ్వు ముగ్గు వేస్తుంటే చుక్కలు నేను పెడతాను, ఎన్ని పెట్టాలో చెప్పు.

నీ
రాము