తత్త్వమసి ఒక్కటే, వేదాంతాలు మూడు

"ద్వైతం మొదటి మెట్టు, విశిష్టాద్వైతం రెండోది, అద్వైతం పై మెట్టు" అని ప్రవచనాల్లో తరచూ వింటుంటాం. ఇది అద్వైతుల లెక్క. మిగతా రెండు పక్షాలవాళ్లూ ఒప్పుకోరు, ఎందుకు ఒప్పుకుంటారు, మధ్వాచార్యుల ప్రకారం జీవేశ్వర భేదం మోక్షంలో కూడా పోదాయె!

అద్వైతానికి శంకరులు, విశిష్టాద్వైతానికి రామానుజులు, ద్వైతానికి మధ్వాచార్యులు ఆచార్యులు. ఈ ముగ్గురికీ ప్రమాణాలు అవే: ఉపనిషత్తులు, గీత, బ్రహ్మసూత్రాలు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన ‘తత్త్వమసి’, అంటే ‘అది నువ్వే’ అన్న మాట దగ్గరే దారులు చీలిపోతాయి.

శంకరులు ఏమంటారంటే, ఈశ్వరుడి సర్వజ్ఞత్వం, జీవుడి అల్పజ్ఞత్వం రెండూ ఉపాధుల వల్ల, అంటే పైన తగులుకున్న పరిమితుల వల్ల వచ్చినవే, వాటిని పక్కన పెడితే మిగిలే చైతన్యం ఒక్కటే. జగత్తు మిథ్య అన్నారు కదా అని అసలు లేదనుకోకండి. తాడు మీద కనబడ్డ పాములా, అది తాడని తెలిసేదాకా భయం నిజంగానే ఉంటుంది.

రామానుజులు ఇక్కడే పట్టుకున్నారు. తాడును పాముగా చూపించే ఈ అవిద్య ఎవరిది? బ్రహ్మానిదంటే జ్ఞానస్వరూపానికి అజ్ఞానమేమిటి? జీవుడిదంటే, జీవుడు జీవుడైందే అవిద్య వల్ల కదా? నా దృష్టిలో అద్వైతం మీద వచ్చిన ఆక్షేపణల్లో గట్టిది ఇదే. అద్వైతుల్లోనే భామతి పక్షం జీవుణ్ణి, వివరణ పక్షం బ్రహ్మాన్ని అవిద్యకు ఆశ్రయమన్నాయి. రామానుజుల జవాబు శరీర శరీరి భావం. జీవులూ జడమూ నిజమే, కానీ బ్రహ్మానికి శరీరాలుగా తప్ప విడిగా నిలవలేవు. బృహదారణ్యకంలోని అంతర్యామి బ్రాహ్మణం ఆయనకు పెద్ద అండ. కాబట్టి ‘త్వం’ అంటే నీలో అంతర్యామిగా ఉన్న ఆ బ్రహ్మమే.

మధ్వాచార్యులు ‘స ఆత్మాతత్త్వమసి’ని ‘ఆత్మా, అతత్ త్వమసి’ అని విడదీశారు: నువ్వు అది కావు! సంధి ఒప్పుకుంటుంది, ప్రకరణం ఒప్పుకుంటుందా అన్నదే గొడవ. అయితే ఆ అధ్యాయంలోని తాడు కట్టిన పక్షి లాంటి దృష్టాంతాలు భేదాన్నే చెబుతున్నాయని ఆయన వాదన, అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. మన మంత్రాలయం రాఘవేంద్రస్వామి ఈ సంప్రదాయపు పీఠాధిపతే.

| | అద్వైతం | విశిష్టాద్వైతం | ద్వైతం |
|---|---|---|---|
| ఆచార్యులు | శంకరులు | రామానుజులు | మధ్వాచార్యులు |
| జీవుడు | బ్రహ్మమే | బ్రహ్మానికి శరీరం, అణువు, అనేకం | ఎప్పటికీ వేరు, పరతంత్రుడు |
| జగత్తు | మిథ్య | సత్యం, బ్రహ్మానికి శరీరం | సత్యం, ఈశ్వరాధీనం |
| ఈశ్వరుడు | మాయోపాధిక బ్రహ్మం; పరమార్థం నిర్గుణం | కల్యాణగుణాలున్న నారాయణుడు | స్వతంత్రుడైన విష్ణువు |
| మోక్షానికి దారి | జ్ఞానం | భక్తి, ప్రపత్తి అనే శరణాగతి | భక్తి, విష్ణు ప్రసాదం |

పట్టికలో పట్టనిది ఒకటుంది. బతికుండగానే ముక్తి అన్నది అద్వైతులకు సహజం, రామానుజులు అసలు ఒప్పుకోరు. ఇక ద్వైతంలో ముక్తులకు కూడా ఆనందంలో తారతమ్యం ఉంటుంది, పైగా కొందరు జీవులకు ముక్తి యోగ్యతే లేదంటారు. నాకు మింగుడుపడనిది అదొక్కటే.