మీ పోర్ట్‌ఫోలియో 15 శాతం పడడం గురించి

పద్మజ గారూ నమస్తే,

రాత్రి మీరు పెట్టిన మెసేజ్ చూశానండి, "అంతా తీసేసి ఎఫ్‌డీలో పెట్టేద్దామా, ఇంకా పడితే నేను తట్టుకోలేను" అన్నారు కదా, ఫోన్‌లో చెప్తే అంకెలు గాల్లో కలిసిపోతాయి అందుకే రాసి పంపుతున్నా, తీరిగ్గా చదవండి, పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

ముందు ఉన్నదున్నట్టు చెప్తా. మీ పోర్ట్‌ఫోలియో పీక్‌లో 40 లక్షలు, ఇప్పుడు 34. అంటే 6 లక్షలు తగ్గింది, 15 శాతం. మీరు పెట్టింది మొత్తం 31 లక్షలే కాబట్టి ఇంకా 3 లక్షలు లాభంలోనే ఉన్నారు, కానీ అది చెప్పి మిమ్మల్ని ఓదార్చడం నాకిష్టం లేదు, ఎందుకంటే 40 చూసిన మనిషికి 34 నష్టంలాగే కనిపిస్తుంది, అది సహజం.

ఈ 6 లక్షలు ఎక్కడ పోయాయో చూడండి, అన్నీ ఒకేలా పడలేదు. పీక్‌లో మీ ఈక్విటీ 26 లక్షలు. అందులో పెద్ద కంపెనీల ఫండ్‌లో 18 ఉండేది, 20 శాతం పడి 14.40 అయింది, చిన్న కంపెనీల ఫండ్‌లో 8 ఉండేది, అది 33 శాతం పడి 5.36కి వచ్చింది. రెండూ కలిపి 6.24 లక్షలు పోయాయి. డెట్‌లో, అంటే వడ్డీ వచ్చే బాండ్ల లాంటి వాటిలో, ఉన్న 12 లక్షలు మాత్రం 12.24 అయ్యాయి, క్యాష్ 2 లక్షలు అలాగే ఉంది. ఈక్విటీ ఒక్కటే చూస్తే 24 శాతం పడింది, మీకు 15గా కనబడుతోందంటే ఆ డెట్, క్యాష్ అడ్డం నిలబడ్డాయి కాబట్టే. "డెట్‌లో అంత ఎందుకు, రిటర్న్ ఏం రాట్లేదు" అని మీరు పోయినసారి అడిగారు కదా, దీనికోసమేనండి :)

ఇక అసలు లెక్క. 15 శాతం పడితే 15 శాతం పెరిగితే సరిపోదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. 34 మీద 15 శాతం అంటే 5.10, అప్పుడు 39.10 దగ్గర ఆగిపోతాం. 34 మళ్లీ 40 కావాలంటే 6ని 34తో భాగించాలి, 17.65 శాతం పెరగాలి. పడేటప్పుడు పెద్ద మొత్తం మీద పడుతుంది, లేచేటప్పుడు చిన్న మొత్తం మీద లేవాలి, అంతే తేడా. పడ్డం లోతయ్యేకొద్దీ ఈ తేడా ఘోరంగా పెరుగుతుంది, మీ పెద్ద కంపెనీల ఫండ్ 20 పడింది కాబట్టి దానికి 25 కావాలి, చిన్న కంపెనీలది 33 పడింది కాబట్టి దానికి 49 పైన కావాలి, 50 పడితే ఏకంగా 100 కావాలి. 15 దగ్గర తేడా రెండున్నర శాతం చిల్లరే, అందుకే దీన్ని నేను నొప్పి అంటాను గానీ గాయం అనను.

ఎన్నాళ్లు పడుతుంది అంటే, ఏటా 6 శాతం వస్తే రెండేళ్ల తొమ్మిదిన్నర నెలలు, 8 వస్తే రెండేళ్లు దాటి ఒకట్రెండు నెలలు, 10 వస్తే ఇరవై, ఇరవయ్యొక్క నెలలు. ఇవి లెక్కలే, హామీలు కాదు. మీరు నెలనెలా వేసే 25 వేలు కలిపితే 10 శాతం దగ్గర దాదాపు 11 నెలల్లోనే స్క్రీన్ మీద 40 కనిపిస్తుంది, కానీ దాన్ని రికవరీ అని నేను చెప్పను, అందులో మీ కొత్త డబ్బు ఉంది కదా. ఎవరైనా అలా కలిపి చూపిస్తే జాగ్రత్తగా ఉండండి.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తా. అంతా ఎఫ్‌డీలో పెట్టి 6 శాతం వస్తుందనుకుంటే పైన చెప్పిన రెండేళ్ల తొమ్మిదిన్నర నెలలే, అంటే రికవరీ ఖాయం కానీ నెమ్మది, పైగా ట్యాక్స్ ఇంకా తీసెయ్యలేదు. లేదు, ఇప్పుడు ఈక్విటీ అమ్మేసి బాగు పడ్డాక మళ్లీ కొందాం అంటారేమో, అది వినడానికి బాగుంటుంది గానీ బాగు పడిందని మనకి నమ్మకం కలిగేసరికి ధర అప్పటికే పెరిగి ఉంటుంది. 12 శాతం పెరిగాక తిరిగి వచ్చారనుకోండి, ఇప్పుడున్న 19.76 లక్షలతోనే కొంటారు, తర్వాత ధరలు పాత పీక్‌కి పూర్తిగా చేరినా మీ ఈక్విటీ 26 దగ్గరకి రాదు, 23.21 దగ్గరే ఉంటుంది. ఆ 2.79 లక్షలు ఇక మార్కెట్ తిరిగి ఇవ్వదు.

అలాగని "ఆగితే చాలు, ఎప్పుడూ తిరిగొస్తుంది" అని కూడా అనను. 2020లో అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పి 500 ఫిబ్రవరి, మార్చి మధ్య 34 శాతం పడి ఆగస్టుకల్లా పీక్‌కి వచ్చేసింది, 2007 అక్టోబర్ నుంచి 2009 మార్చి దాకా 57 శాతం పడ్డప్పుడు మాత్రం 2013 దాకా పట్టింది. జపాన్ సూచీ నిక్కీ 1989 చివర్లో ఉన్న స్థాయిని మళ్లీ 2024లో దాటింది, 34 ఏళ్లు! అందుకే డబ్బంతా ఒకే దేశంలో, ఒకే రకం కంపెనీల్లో పెట్టొద్దని నస పెడుతుంటాను.

నా సలహా అమ్మడం కాదు, ఊరికే కూర్చోవడం కూడా కాదు, రీబ్యాలెన్స్, అంటే వాటాల్ని మళ్లీ ప్లాన్‌లో అనుకున్న శాతాలకి తేవడం. మన ప్లాన్ 65 ఈక్విటీ, 30 డెట్, 5 క్యాష్. ఇప్పుడు ఈక్విటీ 58కి జారింది. డెట్ నుంచి 2.04 లక్షలు, క్యాష్ నుంచి 30 వేలు తీసి ఈక్విటీలో వేస్తే మళ్లీ 65 అవుతుంది. వేయకపోతే పోర్ట్‌ఫోలియో 40 కావడానికి ఈక్విటీ 30.4 శాతం పెరగాలి, వేస్తే 27.1 చాలు. ఇందులో రిస్క్ కూడా చెప్తా, వేశాక ఈక్విటీ ఇంకో 10 శాతం పడితే అదనంగా 23,400 పోతుంది. ఆ డబ్బు పెద్ద కంపెనీల ఫండ్‌లోనే వేద్దాం, చిన్న కంపెనీల ఫండ్ 49 శాతం లేస్తుందని దానిమీద పందెం కాయాల్సిన అవసరం మనకి లేదు.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి మీరు. వచ్చే రెండేళ్లలో అమ్మాయి చదువుకో, ఇంటికో పెద్ద ఖర్చు ఏమైనా ఉందా? ఉంటే ఆ మొత్తం క్యాష్, డెట్ నుంచి పక్కన పెట్టేశాకే మిగతా లెక్క చూస్తాం, అప్పుడు రీబ్యాలెన్స్ చాలా తగ్గొచ్చు, అసలు అక్కర్లేకపోవచ్చు కూడా. అలాగే 34 ఇంకా తగ్గి 32 అయితే నిద్ర పట్టదు అనిపిస్తే అది మొహమాటం లేకుండా చెప్పండి, ప్లాన్ మొదట్లో 20 శాతం దాకా పడొచ్చని రాసుకున్నాం, 32 అంటే సరిగ్గా ఆ 20. కాగితం మీద ఓకే అన్నా నిజంగా వస్తే వేరేగా ఉంటుంది, అలా అయితే 65ని 55 చేద్దాం, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా.

శుక్రవారం లోపు ఖర్చుల సంగతి రాయండి, అప్పటిదాకా ఏదీ అమ్మకండి, నెలవారీ 25 వేలు కూడా ఆపకండి.

ఉంటాను,
మీ అడ్వైజర్ కిరణ్