తోరణం ముందట, నీడ వెనకాల: హనుమకొండల ఒక బట్టల షోరూమ్ మీద రివ్యూ

నక్కలగుట్ట దిక్కు మెయిన్ రోడ్డు మీద కొత్తగ లేసిన షోరూమ్ ఇది, సెల్లార్ల పార్కింగు, గ్రౌండు, దానిమీద ఇంకో నాలుగు ఫ్లోర్లు. ముందుభాగం మొత్తం నీలం గ్లాసు, రెండు పక్కల అల్యూమినియం ఏసీపీ షీట్లు, నడిమిట్ల మూడు ఫ్లోర్ల ఎత్తుల కాకతీయ కళాతోరణం. రాయి కాదు, జీఆర్‌సీ, అంటే గ్లాస్ ఫైబర్ కలిపిన కాంక్రీటు అచ్చు పోసి స్టీలు ఫ్రేముకు బిగించిన్రు. జీఆర్‌సీ అయినందుకు నాకేం పంచాయితీ లేదు, ఈ రోజుల్ల అంత రాయి ఎవరు పెడ్తరు. నా పంచాయితీ ఏందంటే ఆ తోరణం ఫస్ట్ ఫ్లోర్ కాడ మొదలైతది, స్తంభాలు గాల్లనే ఆగిపోతయి, లోపలికి పోయే తలుపేమో కుడిపక్క మూలకు, ఏటీఎం పక్కన.

ఖిలా వరంగల్‌ల నాలుగు తోరణాలు చూసినోళ్లకు ఇది వెంటనే తెల్సిపోతది. స్వయంభూ శివాలయం ఆవరణకు నాలుగు దిక్కుల నిలబెట్టినయి అవి, గుడి కూలిపోయినా ఇప్పటికీ వాటి కింది నుంచి నడుస్తుంటే ఎటు పోవాల్నో, నడిమిట్ల ఏముండెనో కాళ్లకే అర్థమైతది. తోరణమంటే దాటి పోయేది. ఇక్కడ దాన్ని దాటలేం, రోడ్డు మీద నిలబడి సెల్ఫీ దిగుడే. అమెరికా ఆర్కిటెక్టులు వెంచురి, డెనిస్ స్కాట్ బ్రౌన్ చెప్పిన డెకరేటెడ్ షెడ్, అంటే వెనక మామూలు డబ్బా, ముందట అలంకారం బోర్డు, ఇదే కదా, తప్పేముంది అని అడగొచ్చు, నేను కూడా అడుక్కున్న. కానీ వాళ్లు మెచ్చుకున్న షెడ్డుల లోపలి డబ్బా దాని పని అది సక్కగ చేస్తది, బోర్డు బోర్డు పని చేస్తది. ఇక్కడ ఆ డబ్బానే సరిగ పని చేస్తలేదు.

ముందుభాగం వాయవ్యానికి ఉన్నది. మే నెల సాయంత్రం నాలుగున్నరకు పోయి చూస్తే సెకండ్ ఫ్లోర్ల గ్లాసు పక్కన రెండు వరుసల ర్యాకులు ఖాళీ, అక్కడ పెడితే పట్టు రంగు పోతదట, అందుకే బ్లైండ్లు దించేసిన్రు, అంటే అంత ఖర్సు పెట్టి గ్లాసు పెట్టుడు, మళ్ల దాని మీద పరదా కప్పుడు, లోపల పట్టపగలు లైట్లు ఏసుడు, ఏసీ ఫుల్లుగ తిప్పుడు. ఎండాకాలం మన దగ్గర పొద్దు పడమర నుంచి ఉత్తరానికి జరిగి గూకుతది, ఆ కిందికి దిగిన ఎండకు మామూలు సజ్జ ఆగదు, గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు, అంటే ఫిన్స్ గానీ, జాలీ గానీ కావాలె. ఎలివేషన్ గీసినోళ్లకు ఇది తెల్వదా?

తెల్సు. ఎట్ల తెల్సంటే వెనకకు పోతే కనబడ్తది. వెనక స్టాఫ్ మెట్లు, లిఫ్టు, బాత్రూములు ఉన్న పక్క మొత్తం ఎర్ర ఇటుక జాలీ, ప్లాస్టర్ లేదు, గాలి ధారాళంగ ఆడుతది, గోడ ముట్టుకుంటే సల్లగున్నది. బిల్డింగ్ మొత్తంల మంచి జాగ ఏదంటే నేను ఈ మెట్ల ల్యాండింగే అంట. స్టాఫ్ టిఫిన్ బాక్సులు ఇప్పేది ఇక్కడనే.

ఇంకో ముచ్చట, రివ్యూ రాయాలనిపించిందే దీంతోటి. పెండ్లి చీర కొనేటప్పుడు మనోళ్లు ఏం చేస్తరు? "జర వెలుతురుల సూద్దాం పా" అంటరు. లోపలి పసుపు ఎల్‌ఈడీల కింద రాణి రంగు ఒక తీరు, బయట ఒక తీరు. ముందటి గ్లాసు కాడికి పోతే నీలం టింట్, అక్కడ ఇంకో అబద్ధం. అందుకని సేల్స్ అక్క చీర భుజం మీదేసుకోని, పెండ్లిపిల్లను, వాళ్ల అమ్మను, మేనత్తను ఎంటేసుకోని, స్టాఫ్ ఓన్లీ అని రాసున్న తలుపు తీసి ఈ ల్యాండింగ్ కాడికి తీస్కపోయింది. అక్కడ రంగు నిజం చెప్పింది, బేరం కుదిరింది. చీరలమ్మే బిల్డింగుకు వెలుతురు కంటే పెద్ద అవసరం ఏముంటది, అది దొడ్డితోవల దొరుకుతున్నది!

కూసునే జాగ గురించి కూడా అనాలె. పెండ్లి షాపింగంటే పది మంది వస్తరు, అందుల ముగ్గురు ముసలోళ్లు. రామప్పల మండపం అంచు పొంటి కూసునే అరుగు ఉన్నది, పైన వాలు చూరు నీడ ఉన్నది, 1213ల కట్టింది. ఇక్కడ తాతలు ర్యాంపు పక్క గ్రానైటు గట్టు మీద కూసున్నరు, ఎండల. తోరణం అచ్చుకు పెట్టిన పైసలల్ల కొన్ని పెట్టినా ముందట ఒక అరుగు వచ్చేది.

ఇంజనీరింగ్ పరంగ కట్టుబడి గట్టిగనే ఉన్నది, సెల్లార్ ర్యాంపు కూడా స్కూటీలకు ఇబ్బంది లేకుండ ఉన్నది. లోపలి ఎస్కలేటర్, ఆట్రియం మామూలే, ఏ ఊర్లైనా ఇట్లనే ఉంటయి.

ఓనర్‌కు గ్లాసే కావాలనిపించి ఉండొచ్చు, ఆర్కిటెక్టుకు స్వేచ్ఛ దొరికింది వెనక గోడ కాడనే కావొచ్చు. అయినా మార్చుకునే తోవ ఉన్నది: సెకండ్ ఫ్లోర్ పట్టు సెక్షన్‌ను వెనక జాలీ పక్కకు జరపాలె, ల్యాండింగ్ ముందట తలుపు తీసేసి నాలుగు కుర్సీలు, ఒక నిలువుటద్దం పెట్టాలె, ముందటి గ్లాసుకు బయట నిలువు ఫిన్స్ బిగించాలె. ఫిన్స్ పెడితే తోరణం సగం కనబడదు. నాకైతే ఫర్వాలేదు.